ఫొటో మీద తేదీ, చోటు ఉంటే నమ్మవచ్చా? స్లాబ్ ఫొటోను పరీక్షించే పద్ధతి

ఇల్లు కట్టిస్తున్నవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "మేస్త్రీ రోజూ ఫొటో పంపుతున్నాడు. కింద మ్యాపు, అడ్రసు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, టైము అన్నీ పడుతున్నాయి. ఇక సైటుకు వెళ్ళకపోయినా ఫరవాలేదు కదా?" అడిగేవారిలో చాలామంది విజయవాడలో ఉద్యోగం చేస్తూ గుంటూరులో స్థలం ఉన్నవారు, లేదా ఎక్కడో దూరాన ఉంటూ సొంతూరిలో ఇల్లు లేపుతున్నవారు. నేనూ వారిలో ఒకడినే. మాది గుంటూరులో గోరంట్ల వైపు స్థలం. నేను ఉండేది విజయవాడలో.

ఆ స్టాంపు సాక్ష్యం కాదు. ఫోను తనకు తెలిసినదాన్ని బొమ్మ మీద రాసుకున్న రాత, అంతే. కెమెరా యాప్ టైము కోసం ఫోను గడియారాన్ని అడుగుతుంది, చోటు కోసం ఫోను లొకేషన్‌ను అడుగుతుంది. ఈ రెండూ ఫోను పట్టుకున్న మనిషి చేతిలోనే ఉంటాయి. చాలా యాప్‌లు తమంతట తాము ఏదీ సరిచూడవు.

స్లాబ్ క్యూరింగ్ ఉదాహరణగా తీసుకుని, అలాంటి ఫొటోను ఎలా ప్రశ్నించాలో వరుసగా చెబుతాను. స్లాబ్ పోసిన తర్వాత మడులు కట్టి నీళ్ళు నిలపడం రోజూ జరగాల్సిన పని. ఒక రోజు మానేసినా పైకి కనిపించదు. అందుకే దొంగ ఫొటోలకు ఇంతకన్నా అనువైన పని మరొకటి లేదు.

కావలసినవి

- వచ్చిన ఫొటోలన్నీ, అవి మీకు చేరిన వాట్సాప్ సంభాషణతో సహా. దేన్నీ తీసివేయవద్దు.
- మీ ఫోను.
- మూడడుగుల కర్ర, కొలిచే టేపు, ఎండ పడే డాబా.
- వీలైతే ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్. లేకపోతే ఎగ్జిఫ్ వివరాలు, అంటే ఫొటో ఫైలు లోపల దాగి ఉండే తేదీ, టైము, చోటు చూపే యాప్ ఏదైనా సరే.
- ఇల్లు ఏ దిక్కుకు ఉందో, వీధి ఎటు ఉందో తెలిసి ఉండాలి.

1. ముందు మీరే ఒక దొంగ స్టాంపు వేసి చూడండి

ఈ మెట్టు దాటవేయవద్దు. పది నిమిషాల పని. ఫోను సెట్టింగులలో తేదీ, టైము తమంతట తాము సరిపడే మీటను ఆపి, తేదీని మూడు రోజులు ముందుకు జరపండి. స్టాంపు వేసే కెమెరా యాప్‌తో మీ వంటింటిని ఫొటో తీయండి. చాలా యాప్‌లలో ఇంకా రాని తేదీ ఆ ఫొటో మీద చక్కగా పడి ఉంటుంది. చూశాక గడియారాన్ని మళ్ళీ సరిచేయండి.

చోటు మార్చడానికి కూడా దారి ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌లు తయారు చేసేవారి కోసం `Select mock location app` అనే సెట్టింగు ఉంటుంది. దాని ద్వారా ఫోనుకు ఒక ఉత్తుత్తి చోటు చెబితే, ఫోను ఆ మాటనే యాప్‌లకు చెబుతుంది. ఐఫోనులో ఆ సెట్టింగు లేదు. అయితే ఇంతకంటే సులువైన దారి ఏ ఫోనులోనైనా ఉంది. గ్యాలరీలోని పాత ఫొటోను ఎంచుకుని, తేదీ, అడ్రసు చేత్తో టైపు చేసి స్టాంపు వేసుకోనిచ్చే యాప్‌లు చాలానే దొరుకుతాయి. దీనికి సాంకేతిక జ్ఞానం ఏమీ అక్కరలేదు.

ఇది మీ చేతులతో మీరు ఒకసారి చేస్తే, స్టాంపులో ఉన్న చిన్న మ్యాపు బొమ్మను చూసి కలిగే నమ్మకం పోతుంది. ఆ మ్యాపు, అడ్రసు కూడా ఫోను చెప్పిన అక్షాంశ రేఖాంశాలను బట్టి తెచ్చి అతికించినవే. అవి నాలుగు వేర్వేరు సాక్ష్యాలు కావు, ఒకే మాట నాలుగుసార్లు చెప్పినట్టు.

2. స్టాంపును చేత్తో మూసి, ఫొటోను మాత్రమే చూడండి

మా స్లాబ్ 2024 డిసెంబరు 9న పోశారు. వాడింది పీపీసీ సిమెంటు కాబట్టి కనీసం పది రోజులు నీళ్ళు నిలపాలని ముందే మాట్లాడుకున్నాం. ఫొటోలు రోజూ వచ్చాయి. 14వ తేదీ ఫొటో మీద సాయంత్రం 4 గంటల 40 నిమిషాలని ఉంది. మడుల నిండా నీళ్ళున్నాయి, చూడగానే మనసు కుదుటపడింది. రాత్రి మళ్ళీ తెరిచి చూస్తే నీడల దగ్గర కన్ను ఆగిపోయింది.

స్లాబ్ పైకి పిల్లర్ల ఊచలు దాదాపు మూడడుగులు వదిలారు. ఫొటోలో వాటి నీడ కూడా ఇంచుమించు మూడడుగులే ఉంది. డిసెంబరు మధ్యలో గుంటూరులో ఐదున్నర దాటాక కాసేపటికే సూర్యుడు అస్తమిస్తాడు. 4:40కి సూర్యుడు నేలకు పదకొండు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు నీడ వస్తువు ఎత్తుకు ఐదు రెట్లు ఉండాలి, అంటే మూడడుగుల ఊచకు పదిహేను అడుగుల నీడ. నీడ ఎత్తుతో సమానంగా ఉందంటే సూర్యుడు నలభై ఐదు డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. ఆ రోజుల్లో ఇది ఉదయం పదిన్నర ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో మరోసారి జరుగుతుంది.

ఈ రెంటిలో ఏదో దిక్కు చెప్పింది. మా ఇల్లు తూర్పు ముఖం, వీధి తూర్పున ఉంది. మధ్యాహ్నం తర్వాత నీడలు ఉత్తరంగా పడుతూ వీధి వైపుకు వాలాలి. ఫొటోలో ఇంటి వెనుక వైపుకు వాలాయి. అంటే ఉదయం పదిన్నర.

ఈ లెక్కలు మీరు చేయనక్కరలేదు. మర్నాడు అదే సమయానికి మీ డాబా మీద మూడడుగుల కర్రను నిటారుగా నిలబెట్టి నీడ కొలవండి. విజయవాడకు, గుంటూరుకు మధ్య ఈ తేడా లెక్కలోకి రాదు, నాలుగైదు రోజుల తేడా కూడా అంతే. నేను అలాగే చేశాను. డాబా చాలక కర్ర నీడ పిట్టగోడ మీదకు ఎక్కింది.

జాగ్రత్తలు రెండు. ఫొటోలో నీడ పొడవును అడుగులు, అంగుళాల్లో కొలిచినట్టు నమ్మకూడదు. కెమెరా కోణాన్ని బట్టి నీడ సాగినట్టో కుదించినట్టో కనిపిస్తుంది. మూడడుగులకు, పదిహేను అడుగులకు ఉన్నంత తేడా అయితేనే మాట్లాడండి. ఒక గంట అటూ ఇటూ తేల్చడానికి నీడ పనికిరాదు. రెండవది, మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని చాలామంది అనుకుంటారు. మన ప్రాంతంలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. వేసవి ఫొటోలో ఇది చూసి ఎవరినీ తప్పుపట్టవద్దు.

మబ్బు పట్టి నీడలు లేకపోతే వస్తువులను చూడండి. వేర్వేరు తేదీల ఫొటోలను పక్కపక్కన పెట్టి, మధ్యలో ఉన్న పెద్ద వస్తువులను కాక మూలలను పోల్చండి. మా 12, 13, 14, 15 తేదీల ఫొటోలలో, ఈశాన్యపు మడిలో నీళ్ళ మీద ఒక వేపరెమ్మ తేలుతోంది. నాలుగు ఫొటోలలోనూ దాని కొన ఒకే ఊచను తాకుతూ ఉంది. గాలికి, రోజూ పోసే నీళ్ళకు కదలకుండా నాలుగు రోజులు ఒక రెమ్మ ఒకే చోట ఉండదు.

3. అసలు ఫైలు అడగండి

వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది బొమ్మను కుదించి, లోపల దాగి ఉండే వివరాలను తీసివేస్తుంది. కాబట్టి ఫొటోను `Document` గా పంపమని అడగాలి. వీలైతే స్టాంపు పడిన ఫొటోతో పాటు స్టాంపు లేని అసలుది కూడా అడగండి. కొన్ని యాప్‌లు రెండింటినీ ఫోనులో ఉంచుతాయి.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. మామూలుగా వచ్చిన వాట్సాప్ ఫొటోలో లోపలి వివరాలు కనిపించకపోతే, వాటిని ఎవరో కావాలని చెరిపేశారని కొందరు అనుకుంటారు. చెరిపింది వాట్సాప్. అలాగే మీ కంప్యూటర్‌లో ఫైలు పక్కన కనిపించే తేదీ చాలాసార్లు మీరు దించుకున్న తేదీయే, తీసిన తేదీ కాదు. ఫైలు పేరులో తేదీ అంకెలు ఉన్నా వాటికి బలం లేదు, అవి కూడా ఫోను గడియారం చూసి పెట్టినవే.

4. లోపలి రెండు గడియారాలను పోల్చండి

కంప్యూటర్‌లో ఈ ఆదేశం ఇవ్వండి. `photo.jpg` బదులు మీ ఫైలు పేరు రాయాలి.

```
exiftool -a -G1 -time:all -gps:all -Software photo.jpg
```

వచ్చే వరుసలలో మూడింటిని చూస్తే చాలు. మా 14వ తేదీ ఫొటోలో అవి ఇలా ఉన్నాయి.

```
Date/Time Original : 2024:12:14 16:40:22
GPS Date Stamp     : 2024:12:11
GPS Time Stamp     : 05:04:09
```

మొదటి వరుస ఫోను గడియారం చెప్పింది. తర్వాతి రెండూ జీపీఎస్ చోటు దొరికిన సమయం. అది ఎప్పుడూ అంతర్జాతీయ కాలమానంలో ఉంటుంది కాబట్టి మన టైము కోసం ఐదున్నర గంటలు కలపాలి. 05:04కి ఐదున్నర గంటలు కలిపితే ఉదయం 10:34. తేదీ డిసెంబరు 11. నీడ చెప్పిన పదిన్నర ఇక్కడ అంకెలలో కనిపించింది. 12, 13, 15 తేదీల ఫైళ్ళు కూడా తెప్పించి చూశాను. నాలుగింటిలోనూ జీపీఎస్ సమయం సెకన్లతో సహా ఒక్కటే.

ఐదున్నర గంటల తేడాను చూసి కంగారు పడేవారు చాలామంది ఉన్నారు. ఆ తేడా ఉండాలి. అది ఉంటే రెండు గడియారాలు కలిసినట్టే. కొన్ని నిమిషాలు అటూ ఇటూ ఉన్నా తప్పు లేదు, ఎందుకంటే ఫోను కాసేపటి క్రితం దొరికిన చోటునే వాడుకుని ఉండవచ్చు. తేడా గంటలలోనో రోజులలోనో ఉంటే అడగాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ అంకెలు కలిశాయి కదా అని ఫొటో నిజమని తేల్చేయకండి. ఇదే ఎగ్జిఫ్‌టూల్‌తో ఈ మూడు వరుసలనూ ఒక నిమిషంలో తిరగరాయవచ్చు. కొన్ని ఫోనులలో, యాప్‌లలో జీపీఎస్ సమయాన్ని కూడా ఫోను గడియారం నుంచే రాస్తారు. అంకెలు కలవకపోతే ప్రశ్న పుడుతుంది. కలిస్తే మాత్రం ఏదీ రుజువు కాదు. ఈ మెట్టును ఒకవైపే వాడుకోవాలి.

5. అక్షాంశ రేఖాంశాల చివరి అంకెలు చూడండి

దశాంశ బిందువు తర్వాత ఐదో అంకె ఒకటి మారితే నేల మీద సుమారు ఒక మీటరు. ఆకాశం తేటగా కనిపించే చోట కూడా ఫోను జీపీఎస్ ఐదు మీటర్ల వరకు అటూ ఇటూ ఊగుతుంది, ఇళ్ళ మధ్య ఇంకా ఎక్కువ. కాబట్టి మనిషి రోజూ అదే చోట నిలబడి తీసినా ఐదో అంకె రోజూ కొంచెం కదులుతుంది. నాలుగు రోజుల ఫొటోలలో ఆరో అంకె దాకా ఏమీ మారకపోతే, ఒకసారి దొరికిన చోటునో, చేత్తో గుర్తు పెట్టిన చోటునో వాడినట్టు. వరుసగా నిమిషం తేడాలో తీసిన రెండు ఫొటోలకు అంకెలు ఒకటే కావడం మాత్రం సహజం. నా నాలుగు ఫొటోల సంగతి సరిగ్గా అదే, నాలుగూ ఒక్కసారి తీసినవి.

అనవసరంగా అనుమానించకూడని సంగతులు రెండున్నాయి. అడ్రసు వరుసలో పక్క కాలనీ పేరో, పక్క ఊరి పేరో పడటం మామూలే. మ్యాపు సేవ దగ్గరలో తనకు తెలిసిన పేరు రాస్తుంది. అలాగే ఎత్తు దగ్గర మైనస్ అంకె చూసి, గుంటూరు సముద్రం కింద ఉందా అని కోపం తెచ్చుకోకండి. చాలా ఫోనులు ఎత్తును సముద్రమట్టం నుంచి కాక భూమికి ఊహించిన ఒక నునుపు ఆకారం నుంచి కొలుస్తాయి. దక్షిణ భారతంలో సముద్రమట్టం ఆ ఆకారానికి పదుల మీటర్ల కింద ఉంటుంది. అందుకే మన దగ్గర మైనస్ రావడం సరైన జీపీఎస్‌కు మామూలు సంగతి.

6. స్టాంపు మీద ఆధారపడకుండా టైము కట్టేయండి

ఇంతవరకు చెప్పినవి అబద్ధం దొరికించుకునే పద్ధతులు. తెలివిగా చేస్తే దొరకని అబద్ధాలూ ఉంటాయి. కాబట్టి ఇకపై వచ్చే ఫొటోల కోసం ఈ పద్ధతి పెట్టుకోండి. నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఇదే.

రోజూ వేర్వేరు సమయాల్లో, ముందు చెప్పకుండా, ఒక అంకె పంపండి. "మేస్త్రీ గారూ, పిట్టగోడ మీద సుద్దతో 47 అని రాసి, అక్కడి నుంచి మడుల దాకా వీడియో తీసి పంపండి." ఆ అంకె మీరు పంపకముందు ఎవరికీ తెలియదు కాబట్టి వీడియో అంతకుముందు తీసింది కాదు. మీ ఫోనుకు చేరాక తీసిందీ కాదు. మీరు అడిగిన సమయానికి, చేరిన సమయానికి మధ్యనే అది తీశారు. స్టాంపులో ఏమి రాసి ఉన్నా మీకు అక్కరలేదు. ఎంత తొందరగా బదులు వస్తే అంత గట్టిగా టైము కట్టినట్టు. అరగంట గడువు పెట్టుకోవచ్చు. మేస్త్రీ వేరే పనిలో ఉండి గంట పట్టినా దాన్ని తప్పుగా తీసుకోకండి, మళ్ళీ అడగండి.

చోటు సంగతి అంకె చెప్పదు. అందుకే వీడియో మధ్యలో ఆపకుండా, మీ ఇంటికి మాత్రమే ఉన్న గుర్తు నుంచి మొదలవ్వాలి. మాకు ఆ గుర్తు ఎదురింటి నీలం రంగు నీళ్ళ ట్యాంకు. వీడియోలో నడుస్తూ వెళ్ళి మడిలో వేలు ముంచి చూపమని అడిగాను. నీళ్ళు ఎంత లోతు ఉన్నాయో వేలి మీద తడి చెబుతుంది. వీడియో కాల్ కుదిరితే ఇంకా మంచిది.

దినపత్రిక మొదటి పేజీ పట్టుకుని ఫొటో దిగమనడం చాలామందికి తెలిసిన పద్ధతే. అయితే అది ఒక్క సంగతే చెబుతుంది, ఆ ఫొటో ఆ రోజుకు ముందుది కాదని. తర్వాత ఎప్పుడు తీశారో చెప్పదు. పొద్దున ఒకసారి తీసి సాయంత్రం పంపినా తెలియదు. ఆగి ఉన్న ఫొటోలో అంకెను ఎడిటింగుతో అతికించడమూ సులువే. అందుకే నేను వీడియోనే అడుగుతాను.

7. అడిగే తీరు

తేడా దొరకగానే "నువ్వు మోసం చేశావు" అంటే సంభాషణ అక్కడే ముగుస్తుంది. ఫోను గడియారం తప్పు ఉండవచ్చు, పని కుర్రాడు తీసి ఉండవచ్చు. తెలిసినది మాత్రమే చెప్పి, వివరం అడగండి. నేను అడిగింది ఇదే: "మేస్త్రీ గారూ, 14న సాయంత్రం తీసిన ఫొటోలో నీడలు పొద్దుటివిలా ఉన్నాయి. నాలుగు రోజుల ఫొటోలలో వేపరెమ్మ ఒకే చోట ఉంది. ఆ రోజు ఎవరు తీశారు, ఏ ఫోనుతో?" జీపీఎస్ సంగతి ముందు చెప్పలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, నీళ్ళు పట్టే కుర్రాడిని 12 నుంచి వేరే సైటుకు పంపానని, వాడే 11న ఫోను తేదీ జరుపుతూ నాలుగు ఫొటోలు తీసి ఉంచాడని చెప్పారు. 10, 11 తేదీలలో నీళ్ళున్నాయి. తర్వాత నాలుగు రోజులు స్లాబ్ ఎండింది.

వెంటనే మళ్ళీ మడులు నింపించి రెండు వారాలు నిలిపాము. మొదటి వారంలో ఎండిన స్లాబ్‌కు ఆ తర్వాత పట్టిన నీళ్ళు కొంత మేలు చేస్తాయి కానీ పోయిన బలం మొత్తం తిరిగి రాదని ఇంజనీరు నాతో నేరుగా చెప్పారు.

వ్యవహారం తగాదాకు వెళ్ళేలా ఉంటే అసలు ఫైలును ఎడిట్ చేయకుండా, వచ్చిన సంభాషణతో సహా దాచండి. దాని డిజిటల్ ముద్రను అదే రోజు తీసి పెట్టుకోండి. విండోస్‌లో అయితే ఇలా:

```
certutil -hashfile photo.jpg SHA256
```

ఫైలులో ఒక్క చుక్క మారినా ఈ అంకె మారుతుంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో ఈ ముద్ర విలువను రాయాలి. అయితే ఇది మీ దగ్గరకు వచ్చాక ఫైలు మారలేదని మాత్రమే చెబుతుంది. అందులో రాసిన తేదీ నిజమా కాదా అన్నది దానికి తెలియదు.

జనవరిలో మెట్ల గది మీద చిన్న స్లాబ్ పోశారు. మొదటి రోజు మధ్యాహ్నం 2:10కి 83 అని అంకె పంపాను. 2:26కి వీడియో వచ్చింది. ఎదురింటి నీలం ట్యాంకు, పిట్టగోడ మీద ఇంకా పొడి రాలుతున్న సుద్దగీతలు, మడిలో ముంచి తీసిన వేలు. రెండో కణుపు దాకా తడి.